ఏజీఎంలో ఎవరిని లెక్కపెట్టాలి, ఎవరి ఓటు చెల్లుతుంది: నోటీసు, కోరం, ప్రాక్సీ, మూడు రెట్ల లెక్క

ప్రశ్న: "సీఎస్ పూర్తిచేసి విజయవాడలో ఒక అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీలో ఈమధ్యే చేరాను. 62 మంది వాటాదారులున్నారు. 2026 సెప్టెంబర్ 30న ఉదయం 11 గంటలకు ఏజీఎం పెట్టాలంటున్నారు. నోటీసు ఎప్పటికల్లా పంపాలి? హాల్లో పదిమంది ఉంటే కోరం ఉన్నట్టేనా? ప్రాక్సీలను ఎలా లెక్కపెట్టాలి? స్పెషల్ రిజల్యూషన్‌కు మొత్తం వాటాల్లో 75 శాతం రావాలా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. ఈమెయిల్‌లో పంపేవారికి నోటీసు సెప్టెంబర్ 8లోగా వెళ్లాలి. పోస్టులో పంపేవారికి 6లోగా వెళ్లాలి, కానీ ఆ రోజు ఆదివారం కాబట్టి 5నే పోస్టు చేయాలి. మీ కంపెనీకి కోరం ఐదుగురు. అందులో ప్రాక్సీలు లెక్కలోకి రారు, అందుకని హాల్లో పదిమంది ఉన్నా కోరం లేకపోవచ్చు. స్పెషల్ రిజల్యూషన్‌కు మొత్తం వాటాలతో సంబంధం లేదు. పడిన ఓట్లలో అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉంటే చాలు.

ఇక కారణాలు. రోజుల లెక్కతో మొదలుపెడదాం, కొత్తవాళ్లు ఎక్కువగా జారేది అక్కడే.

కంపెనీల చట్టం 2013 సెక్షన్ 101 అడిగేది 21 "క్లియర్" రోజులు. అంటే నోటీసు పంపిన రోజు, సమావేశం రోజు రెండూ తీసేసి మధ్యలో 21 పూర్తి రోజులు ఉండాలి. వెనక్కి లెక్కపెట్టుకుంటే తేలిగ్గా ఉంటుంది. 30న మీటింగ్, కాబట్టి 29 నుంచి వెనక్కి 21 రోజులు పోతే 9వ తేదీ వస్తుంది. 9 నుంచి 29 దాకా 21 రోజులు నిండాయి, కాబట్టి పంపిన రోజు 8 లేదా అంతకు ముందు అయి ఉండాలి. పోస్టులో అయితే, వేసిన 48 గంటల తర్వాతే నోటీసు అందినట్టు పరిగణిస్తారు. జనరల్ మీటింగ్‌ల సెక్రటేరియల్ స్టాండర్డ్ ఎస్‌ఎస్-2 కూడా పోస్టుకైనా కొరియర్‌కైనా అదనంగా రెండు రోజులు కలపమంటుంది. ఆ 7, 8 తేదీలు సర్వీసుకు పోతే, చివరి గడువు 6 అవుతుంది. నేనైతే అంత అంచుకు వెళ్లను. ఆగస్టు చివర్లోనే ఈమెయిళ్లు పంపేసి, వెనక్కి తిరిగొచ్చిన చిరునామాలు చూసుకుని, వాళ్లకు స్పీడ్ పోస్టులో పంపడానికి వ్యవధి మిగుల్చుకుంటాను. మీరు పంపినట్టు రుజువు ఉంటే, మీ చేతిలో లేని కారణంతో మెయిల్ చేరకపోయినా నిబంధనలు మిమ్మల్ని తప్పుపట్టవు. అయినా చేరని మెయిళ్ల జాబితాను, పోస్టాఫీసు రసీదులను ఆ మీటింగ్ ఫైల్లోనే ఉంచండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా వాటాదారు "నాకు నోటీసే రాలేదు" అన్నప్పుడు వెతుక్కోవాల్సినవి అవే.

నోటీసు 62 మంది సభ్యులకు వెళ్తే సరిపోదు. ప్రతి డైరెక్టరుకు, ఆడిటరుకు వెళ్లాలి. చనిపోయిన సభ్యుడి వాటాలు ఇంకా బదిలీ కాకపోతే, ఆయన చట్టబద్ధ వారసులకూ వెళ్లాలి. పొరపాటున ఒకరికి అందకపోయినంత మాత్రాన సమావేశం చెల్లకుండా పోదని సెక్షన్ 101 ఊరటనిస్తుంది. కానీ అది పొరపాటుకే. గొడవపడే వాటాదారుని కావాలని వదిలేస్తే ఆ ఊరట దొరకదు.

21 రోజులు కుదరకపోతే తక్కువ వ్యవధి నోటీసుకు సమ్మతి తీసుకోవచ్చు. ఇక్కడ ఏజీఎంకు, ఈజీఎంకు లెక్క వేరు. ఏజీఎంకు ఓటు హక్కున్న సభ్యుల్లో 95 శాతం మంది రాతపూర్వకంగా గానీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ ఒప్పుకోవాలి. ఇది తలల లెక్క. 62లో 95 శాతం 58.9, అంటే 59 మంది సమ్మతి కావాలి. వంద వాటాలున్న వాటాదారూ, లక్ష వాటాలున్న వాటాదారూ ఇక్కడ సమానమే. ఈజీఎంకు సభ్యుల సంఖ్యలో మెజారిటీ ఉండాలి, వాళ్ల చేతిలో ఓటు హక్కున్న పెయిడప్ క్యాపిటల్‌లో 95 శాతం ఉండాలి. మీలాంటి కంపెనీకి ఏజీఎంలో షార్టర్ నోటీసు మీద ఆశ పెట్టుకోవద్దు. నలుగురు దొరక్కపోతే పని ఆగిపోతుంది.

నోటీసులోనే ఇంకో రెండు విషయాలు సరిగ్గా పడాలి. ఒకటి, సభ్యుడు తన బదులు ప్రాక్సీని నియమించుకోవచ్చనీ, ఆ ప్రాక్సీ సభ్యుడై ఉండనక్కర్లేదనీ కంటికి కనిపించేలా రాయాలి. ఇది సెక్షన్ 105 షరతు. దాంతోపాటు ఎంజీటీ-11 ఫారం జతచేయాలి. రెండోది స్పెషల్ రిజల్యూషన్‌కు సంబంధించినది. ఏ అంశాన్ని స్పెషల్ రిజల్యూషన్‌గా పెడుతున్నారో ఆ మాట నోటీసులోనే ఉండాలి. లేకపోతే హాల్లో నూటికి నూరు ఓట్లు పడినా అది స్పెషల్ రిజల్యూషన్ అవదు.

ఇక్కడ చాలామంది కలిపేసుకునే రెండు సంగతులు విడదీయాలి. ఏజీఎంలో ఆర్డినరీ బిజినెస్ నాలుగే: ఆర్థిక నివేదికలు (బోర్డు, ఆడిటర్ల నివేదికలతో కలిపి), డివిడెండు, రిటైరయ్యే డైరెక్టర్ల స్థానంలో నియామకం, ఆడిటర్ల నియామకంతోపాటు వారి పారితోషికం. మిగతాదంతా స్పెషల్ బిజినెస్. దానికి సెక్షన్ 102 కింద వివరణ నోట్ జతచేయాలి. అంతే తప్ప, స్పెషల్ బిజినెస్ అయినంత మాత్రాన స్పెషల్ రిజల్యూషన్ అవసరమని కాదు. ఆథరైజ్డ్ క్యాపిటల్ పెంచడం దీనికి మంచి ఉదాహరణ. అది స్పెషల్ బిజినెస్, వివరణ నోట్ తప్పనిసరి. కానీ ఆర్టికల్స్ అనుమతిస్తే సెక్షన్ 61 కింద ఆర్డినరీ రిజల్యూషన్ చాలు. ఆర్టికల్స్‌లో ఆ అధికారం లేకపోతే ముందు సెక్షన్ 14 కింద ఆర్టికల్స్ మార్చాలి, దానికి స్పెషల్ రిజల్యూషన్ కావాలి. అందుకని ఎజెండా రాసేముందు ప్రతి అంశం పక్కన రెండు గడులు గీసుకోండి: వివరణ నోట్ కావాలా, ఏ రకం రిజల్యూషన్.

ఇప్పుడు హాల్లోకి వద్దాం. మీ కంపెనీకి పది రూపాయల వాటాలు 10 లక్షలున్నాయనీ, ఎజెండాలో ఆర్టికల్స్ మార్పు స్పెషల్ రిజల్యూషన్‌గా ఉందనీ అనుకుని ఒక లెక్క వేద్దాం. ఇది ఊహించిన ఉదాహరణే, కానీ ఇలాంటివి నిజంగా ఎదురవుతాయి.

30వ తేదీ 11 గంటలకు హాల్లో పదిమంది ఉన్నారు. ముగ్గురు స్వయంగా వచ్చిన సభ్యులు. ఒకరు వాటాలున్న ఒక కంపెనీ తరఫున, సెక్షన్ 113 కింద ఆ కంపెనీ బోర్డు తీర్మానం సర్టిఫైడ్ కాపీతో వచ్చిన ప్రతినిధి. మిగతా ఆరుగురు ప్రాక్సీలు. సెక్షన్ 103 ప్రకారం పబ్లిక్ కంపెనీలో సభ్యులు వెయ్యి మంది దాకా ఉంటే కోరం ఐదుగురు, వెయ్యి దాటి ఐదువేల దాకా అయితే 15, ఐదువేలు దాటితే 30. వీళ్లంతా "స్వయంగా హాజరైన" సభ్యులై ఉండాలి. బోర్డు తీర్మానంతో వచ్చిన ప్రతినిధి స్వయంగా వచ్చిన సభ్యుడితో సమానం. ప్రాక్సీ కాడు. కాబట్టి మీ లెక్క నాలుగు. కోరం లేదు.

ఆ ఆరుగురు ప్రాక్సీల్లో ఒకాయన ఇంకో వాటాదారు కంపెనీ డైరెక్టరు అనుకోండి. ఆ కంపెనీ బోర్డు తీర్మానం చేయకుండా ఎంజీటీ-11 నింపి ఆయన్ని పంపింది. ఆయన ఎంత పెద్ద హోదాలో ఉన్నా ఆ కాగితం వల్ల ప్రాక్సీయే అయ్యాడు. కోరంలో లెక్కకు రాడు, మాట్లాడే హక్కు లేదు, చేతులెత్తే ఓటింగ్‌లో ఓటు లేదు. అదే బోర్డు తీర్మానం తెచ్చి ఉంటే 11 గంటలకే ఐదుగురూ ఉండేవాళ్లు. కంపెనీ రూపంలో ఉన్న వాటాదారులందరికీ నోటీసుతోపాటే "ప్రాక్సీ ఫారం కాదు, బోర్డు తీర్మానం పంపండి" అని ఒక ఉత్తరం రాయండి. దీనికి పెద్ద ఖర్చేం కాదు, కోరం విషయంలో ఎక్కువగా ఆదుకునేది ఇదే.

కోరం కోసం అరగంట ఆగవచ్చు. 11.20కి ఐదో సభ్యుడు వస్తే మొదలుపెట్టొచ్చు. 11.30 దాటినా రాకపోతే సమావేశం వచ్చే వారం అదే రోజు, అదే సమయం, అదే చోటుకు వాయిదా పడుతుంది (బోర్డు వేరే తేదీ నిర్ణయించవచ్చు). సభ్యులకు కనీసం మూడు రోజుల ముందు విడిగా తెలపాలి లేదా పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. వాయిదా పడిన రోజు కూడా అరగంటలో కోరం రాకపోతే, వచ్చినవాళ్లే కోరం. అయితే ఎస్‌ఎస్-2 ప్రకారం కనీసం ఇద్దరుండాలి. సభ్యులు కోరి పెట్టించిన రిక్విజిషన్ సమావేశానికి ఈ వాయిదా లేదు, అది అక్కడికి రద్దయిపోతుంది.

మీ విషయంలో వాయిదా అంటే అక్టోబర్ 7. మార్చి 31తో సంవత్సరం ముగిసే కంపెనీకి ఆరు నెలల ఏజీఎం గడువు సెప్టెంబర్ 30తో పోతుంది, కాబట్టి గడువు మీరారన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అందుకని నా సలహా: బోర్డుకు చెప్పి ఏజీఎంను సెప్టెంబర్ 20, 22 తేదీల ప్రాంతానికి జరపండి. అప్పుడు ఒక వాయిదాకు చోటుంటుంది. నోటీసు తేదీలు కూడా అదే మేర ముందుకు జరుగుతాయని మర్చిపోకండి.

సరే, 11.20కి ఐదో సభ్యుడు వచ్చాడు, సమావేశం మొదలైంది. ఎస్‌ఎస్-2 ప్రకారం కోరం మొదట్లో ఉంటే చాలదు, చివరిదాకా ఉండాలి. సరిగ్గా ఐదుగురే ఉన్నప్పుడు ఒకాయన ఫోను పట్టుకుని బయటికి వెళ్లినా ఆ కాసేపు ఓటింగ్ పెట్టొద్దని ఛైర్మన్ చెవిలో చెప్పే బాధ్యత మీదే. వివాదాస్పద అంశాన్ని ఎజెండాలో చివర పెట్టకండి. భోజనం వేళకు జనం లేచిపోతారు.

ఇప్పుడు ఆర్టికల్స్ మార్పు. ముందు చేతులెత్తే ఓటింగ్. ఇందులో ఒక సభ్యుడికి ఒకే ఓటు, ప్రాక్సీలకు ఓటు లేదు. నలుగురు అనుకూలం, ఒకరు వ్యతిరేకం. ఒకటికి మూడు రెట్లు మూడు, వచ్చినవి నాలుగు, కాబట్టి తీర్మానం నెగ్గింది. కానీ ఆ ఒక్క వ్యతిరేకి చేతిలో 1,20,000 వాటాలున్నాయి. సెక్షన్ 109 ప్రకారం మొత్తం ఓటింగ్ బలంలో పదోవంతు గానీ, 5 లక్షల రూపాయలు చెల్లింపు అయిన వాటాలు గానీ ఉన్నవాళ్లు పోల్ అడగవచ్చు. ఆయనకు 12 శాతం బలముంది, పెయిడప్ 12 లక్షలు. అడిగాడు. ఛైర్మన్ కాదనడానికి వీల్లేదు.

పోల్‌లో ఒక వాటాకు ఒక ఓటు. ప్రాక్సీలకు ప్రాణం వచ్చేది ఇక్కడే. అనుకూలంగా నలుగురు సభ్యుల 2,40,000 ఓట్లు, ఐదుగురు ప్రాక్సీల 1,50,000 ఓట్లు కలిపి 3,90,000. వ్యతిరేకంగా ఆ సభ్యుడి 1,20,000. ఆరో ప్రాక్సీ దగ్గర ఇద్దరు సభ్యులిచ్చిన రెండు ఫారాలున్నాయి, ఒక్కోటి 10,000 వాటాలకు. మొత్తం వ్యతిరేకం 1,40,000. దాని మూడు రెట్లు 4,20,000. అనుకూల ఓట్లు 3,90,000 మాత్రమే. తీర్మానం ఓడిపోయింది. ఇవే ఓట్లు ఆథరైజ్డ్ క్యాపిటల్ పెంపుకు పడి ఉంటే, అది ఆర్డినరీ రిజల్యూషన్ కాబట్టి హాయిగా నెగ్గేది, వ్యతిరేకం కన్నా ఒక్క ఓటు ఎక్కువైనా చాలు. సమావేశానికి రాని 4,70,000 వాటాలు ఈ రెండు లెక్కల్లోనూ ఎక్కడా లేవు చూడండి. తటస్థంగా ఉన్నవాళ్లూ, చెల్లని ఓట్లూ అంతే.

ఇప్పుడు ఆరో ప్రాక్సీ దగ్గరున్న రెండు ఫారాల్లో ఒకటి 28వ తేదీ 11.40కి ఆఫీసుకు చేరిందనుకోండి. 30న 11 గంటలకు 48 గంటల ముందంటే 28 సోమవారం 11 గంటలు. నలభై నిమిషాలు ఆలస్యం. ఆర్టికల్స్‌లో 48 గంటల నియమం మాత్రమే ఉంటే ఆ ఫారం చెల్లదు. వ్యతిరేకం 1,30,000కు దిగుతుంది, మూడు రెట్లు 3,90,000. అనుకూలం సరిగ్గా 3,90,000. చట్టం అడిగేది "మూడు రెట్లకు తక్కువ కాకుండా" అని, కాబట్టి తీర్మానం నెగ్గింది. ఆఫీసులో ఎవరో వేసిన రిసీవ్డ్ ముద్ర మీద రాసిన టైము ఫలితాన్ని తిప్పేసింది. అందుకే ప్రతి ప్రాక్సీ ఫారం మీద తేదీతోపాటు గంట, నిమిషం రాయించండి. ఆ చివరి రోజు సెలవు దినమైనా ఫారాలు తీసుకోవడానికి మనిషి ఉండాలని ఎస్‌ఎస్-2 చెబుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చట్టంలోని నమూనా ఆర్టికల్స్, అంటే టేబుల్ ఎఫ్, మీ కంపెనీ యథాతథంగా తీసుకుందేమో చూడండి. అందులో 57వ ఆర్టికల్ 48 గంటలతోపాటు, పోల్ విషయంలో "పోల్ జరిగే సమయానికి కనీసం 24 గంటల ముందు" అని కూడా అంటుంది. అప్పుడు ఆ ఆలస్యమైన ఫారం పోల్‌కు చెల్లుతుందని అవతలివాళ్లు గట్టిగా వాదించవచ్చు. పైగా ఛైర్మన్ ఎన్నిక, వాయిదా వంటి అంశాలు కాకుండా మిగతా వాటికి పోల్‌ను 48 గంటల్లోగా ఎప్పుడైనా పెట్టొచ్చు. పోల్ ఆలస్యమైతే ఆలోపు కొత్త ఫారాలూ రావచ్చు. మీ ఆర్టికల్స్‌లో ఏ వాక్యం ఉందో సమావేశానికి ముందే చదివి, ఛైర్మన్‌కు ఒక చిన్న నోట్ ఇవ్వండి. హాల్లో అందరి ముందూ ఆ పుస్తకం తిరగేస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది.

ప్రాక్సీ ఫారాలు పరిశీలించేటప్పుడు చూడాల్సినవి ఇవి. సంతకం కంపెనీ రికార్డుతో సరిపోవాలి. స్టాంపు ఉండాలి. ప్రాక్సీ పేరు ఖాళీగా ఉండకూడదు. ఒక వ్యక్తి 50 మందికి మించి సభ్యుల తరఫున గానీ, వాళ్లందరి వాటాలూ కలిపి 10 శాతం దాటేలా గానీ ప్రాక్సీగా ఉండకూడదు. మీకైతే ఒక్కో ప్రాక్సీకి లక్ష వాటాలే హద్దు. పది శాతం కన్నా ఎక్కువున్న ఒక సభ్యుడు ఒకరినే ప్రాక్సీగా పెట్టుకోవచ్చు, కానీ ఆ వ్యక్తి ఇంకెవరికీ ప్రాక్సీగా ఉండరాదు. ఒకే సభ్యుడు రెండు ఫారాలిస్తే తర్వాతి తేదీది చెల్లుతుంది. ఫారం ఇచ్చిన సభ్యుడే స్వయంగా వస్తే ఆ ప్రాక్సీ దానంతటదే రద్దు. అందుకని తలుపు దగ్గర హాజరు పట్టీ పక్కనే ప్రాక్సీల జాబితా పెట్టుకుని, సభ్యుడు సంతకం చేయగానే ఆయన ప్రాక్సీని కొట్టేయండి. లేకపోతే ఒకే వాటాలకు రెండు పోలింగ్ పత్రాలు వెళ్తాయి. మూడు రోజుల ముందు రాతపూర్వకంగా అడిగిన ఓటరు సభ్యుడికి, సమావేశానికి 24 గంటల ముందు నుంచి అది ముగిసేదాకా పనివేళల్లో ఈ ఫారాలు చూసే హక్కుంది. గొడవ ఉన్న కంపెనీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఫైలు సిద్ధంగా ఉంచండి.

పోల్ పడితే ఛైర్మన్ స్క్రూటినైజర్లను నియమించాలి. ఎంజీటీ-12 పోలింగ్ పత్రాలు ముందే అచ్చు వేయించుకోండి. పోల్ అడిగాక కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెడితే ఆలోపు కోరం లేచిపోతుంది. మినిట్స్‌లో "ఏకగ్రీవంగా", "మెజారిటీతో" అని ఊరికే రాయకుండా పోల్ అంకెలు అనుకూలం, వ్యతిరేకం, చెల్లనివి విడివిడిగా రాయండి. స్పెషల్ రిజల్యూషన్ నెగ్గితే 30 రోజుల్లో ఎంజీటీ-14 దాఖలు చేయాలి. ఆథరైజ్డ్ క్యాపిటల్ పెంపుకు ఎస్‌హెచ్-7, దానికీ 30 రోజులే.

మీరు రేపు ప్రైవేట్ కంపెనీలో చేరితే పైన చెప్పినవాటిలో కొన్ని మారతాయి. అక్కడ కోరం ఇద్దరు. 2015 జూన్ నాటి మినహాయింపు నోటిఫికేషన్ ప్రకారం 101 నుంచి 107 దాకా, 109 సెక్షన్లను ప్రైవేట్ కంపెనీ తన ఆర్టికల్స్‌తో మార్చుకోవచ్చు, నోటీసు రోజులు కూడా తగ్గించుకోవచ్చు. కానీ 2017 నుంచి ఒక షరతుంది: ఆర్థిక నివేదికలు, వార్షిక రిటర్న్ దాఖలులో బాకీ ఉన్న కంపెనీకి ఈ వెసులుబాటు వర్తించదు. అందుకని ఆర్టికల్స్‌లో ఏడు రోజుల నోటీసు అని ఉన్నా, ముందు ఆ రెండు ఫైలింగ్‌లు చూడండి. వీడియో సమావేశం పెట్టే ఆలోచన ఉంటే మంత్రిత్వ శాఖ సర్క్యులర్లు చదవండి. వాటి కింద తెర మీద హాజరైన సభ్యులు కోరంలో లెక్కకు వస్తారు, కానీ ప్రాక్సీ సదుపాయం ఉండదు. కాబట్టి ఆ నోటీసులో ప్రాక్సీ వాక్యం, ఎంజీటీ-11 పాత నోటీసు నుంచి కాపీ అయి వచ్చేశాయేమో చూసుకుని తీసేయండి.